పెద్దమ్మ దాచుకున్న మంట

మా పెద్దమ్మకు ముట్టు ఆగి ఆరేళ్లయింది. ఏడాదిగా ఆమె పెద్దనాన్న పక్కన పడుకోవడం మానేసి, మనవరాలికి భయమంటూ ఆ పిల్ల దగ్గర పడుకునేది. రాత్రి నాలుగైదుసార్లు లేచి బయటికి వెళ్లేది. మేము అక్కాచెల్లెళ్లం చూస్తూనే ఉన్నాం గాని అడగలేదు. మా ఇళ్లల్లో ముట్టు గురించే గుసగుసగా మాట్లాడుకుంటాం. అది ఆగాక వచ్చే బాధ గురించి అసలు మాట్లాడం.

అడ్డాకులకు కొండెక్కిన రోజు ఆమె సగం దారిలో కూర్చుండిపోయింది. "నడుస్తుంటే బట్ట ఒరుసుకుంటోందమ్మా. లోపల ఎండిపోయినట్టుంది. ఒంటికి పోతే మంట" అంది. సంతలో మందుల షాపులో ఇచ్చిన బిళ్లలు మూడుసార్లు వాడిందట. చెడ్డ రోగమేమోనని భయపడి ఘాటు సబ్బుతో కడుక్కునేది. రాత్రి లేవకూడదని నీళ్లు తాగడం తగ్గించింది. ఈ రెండూ మంటను ఇంకా పెంచాయి.

ఆమెను ఏరియా ఆసుపత్రికి తీసుకెళ్లాం. మూత్రపరీక్షలో ఇన్‌ఫెక్షన్ ఏమీ లేదు. డాక్టరమ్మ చూసి మాకు ఇలా చెప్పింది: ముట్టు ఆగాక ఒంట్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోను బాగా తగ్గిపోతుంది. యోని లోపలి పొర, మూత్రం వచ్చే దారి రెండూ దాని మీదే ఆధారపడి ఉంటాయి. అది తగ్గితే ఆ పొర పలచబడి, తడి ఆరిపోతుంది. కలయిక నొప్పిగా ఉంటుంది, మూత్రం మాటిమాటికీ వస్తుంది. యోనిని కాపాడే మంచి క్రిములు తగ్గడం వల్ల నిజమైన ఇన్‌ఫెక్షన్లు కూడా తరచు రావచ్చు. అందుకే పరీక్ష చేయకుండా బిళ్లలు మింగకూడదు. ఒంట్లో వేడి ఆవిర్లు చాలామందికి కొన్నేళ్లకు తగ్గుతాయి, ఈ పొడితనం మాత్రం వైద్యం లేకుండా సాధారణంగా తగ్గదు.

పెద్దమ్మకు రొమ్ము క్యాన్సర్ ఎప్పుడైనా వచ్చిందా అని అడిగి, లేదన్నాక, యోనిలో పెట్టుకునే ఈస్ట్రోజెన్ క్రీము రాసింది. రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తర్వాత వారానికి రెండు రాత్రులు. మోతాదు చాలా తక్కువ కాబట్టి రక్తంలోకి చేరేది కొంచెమే. హార్మోను వద్దనుకునేవాళ్లకు తడినిచ్చే జెల్లు ఉన్నాయి. కడగడానికి సబ్బు వద్దు, మంచినీళ్లు చాలు అంది.

మొదటి వారం పెద్దమ్మకు తేడా తెలియక క్రీము మానేస్తానంది. మేమే ఆపాం. నెలన్నరకు మంట తగ్గింది. మూడో నెలకు రాత్రి ఒక్కసారే లేస్తోంది. బాగైందని క్రీము ఆపితే బాధ మళ్లీ వచ్చింది, మళ్లీ మొదలుపెట్టింది.

డాక్టరమ్మ ఇంకో మాట గట్టిగా చెప్పింది. ముట్టు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనబడినా అది పొడితనమేలే అని ఊరుకోకూడదు, వెంటనే చూపించుకోవాలి. మూత్రంలో రక్తం పడినా అంతే.

ఆ తర్వాత మా ఊళ్లో ఇంకో నలుగురు అత్తలు, వదినలు తమకూ అలాగే ఉందని మాతో చెప్పారు. అందరూ తమకొక్కరికే అనుకున్నవాళ్లే. పెద్దమ్మ ఇప్పుడు తన చోటికి తిరిగి వెళ్లి పడుకుంటోంది. మనవరాలికి భయం పోయిందట.