రెండు రోజులు సైటు ఆగింది, తప్పు నాదే



సోమవారం పొద్దున్న తొమ్మిది గంటల నుంచి బుధవారం పొద్దున్న ఎనిమిది దాకా మన కోత మిషన్ వరుస లిస్టు పెట్టే సైటు తెరుచుకోలేదు. దాళ్వా కోతలు ముమ్మరంగా ఉన్న రోజులు. ఎవరి చేలో ఎప్పుడు మిషన్ దిగుతుందో చూసుకోవాలని ఫోన్ తీస్తే మీకు తెల్ల తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క కనపడింది: `Error establishing a database connection`. ముందుగా అందర్నీ క్షమించమని అడుగుతున్నాను. ఇప్పుడు సైటు నడుస్తోంది. ఏం జరిగిందో, ఏం పోయిందో దాచకుండా చెప్తాను.

మన సైటు ఉండేది నెల అద్దెకి తీసుకున్న చిన్న కంప్యూటర్లో. దాంట్లో సరుకు పెట్టుకునే జాగా 25 జీబీ. దాన్ని ఒక గాదె అనుకోండి. సైటు, దాన్ని నడిపే సామానూ కలిపి 6 జీబీ పట్టింది, 19 ఖాళీ. నెల కిందట మా మేనల్లుడు వచ్చినప్పుడు "ఏదన్నా పాడైతే లిస్టు మొత్తం పోతుందిరా, రోజూ ఒక కాపీ తీసి దాచేలా చెయ్యి" అన్నాను. వాడు చేసి వెళ్లాడు. రోజూ రాత్రి రెండు గంటలకి ఒక కాపీ దానంతటదే తయారయ్యేది. మీరు పంపే పొలం ఫోటోలతో కలిపి ఒక్కో కాపీ సుమారు 600 ఎంబీ.

దాచమని చెప్పాం గానీ, పాతవి తీసేయమని చెప్పలేదు. ముప్పై ఒక్క రాత్రులకి 18.6 జీబీ నిండింది. ముప్పై రెండో రాత్రి, అంటే ఆదివారం అర్ధరాత్రి దాటాక, కాపీ సగం పైన రాసేసరికి గాదె అంచుకి నిండిపోయింది. ఇక ఒక్క అక్షరం పెట్టుకోడానికి కూడా జాగా లేదు.

సోమవారం ఏడింటికి నేను లిస్టు మార్చబోయాను. ఒకాయన చేను ఇంకా తడిగా ఉందని వెనక్కి జరిపి, కాలవగట్టు కింద రెండెకరాల రైతుని బుధవారం నుంచి మంగళవారం పొద్దుటికి ముందుకి తెచ్చాను. సేవ్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. సిగ్నల్ లేదనుకుని ఫోన్ జేబులో పెట్టేశాను. అది మొదటి గుర్తు, నేను పట్టించుకోలేదు. చదవడానికి పేజీ వస్తూ, రాసింది మాత్రం నిలవకపోతే అది సిగ్నల్ గొడవ కాకపోవచ్చు, జాగా గొడవ కావచ్చు.

తొమ్మిదింటికి రెండో తప్పు చేశాను. టీవీ ఆపి వేసినట్టు ఆ కంప్యూటర్ని ఆపి మళ్లీ వేశాను. అంతదాకా కుంటుతూ నడిచింది కాస్తా పూర్తిగా పడుకుంది. లిస్టుని పట్టుకునే డేటాబేస్ అనేది లేచేటప్పుడు ఏవో కొన్ని రాసుకోవాలి. జాగా లేక అది లేవలేదు.

మేనల్లుడు ప్రయాణంలో ఉండి మంగళవారం రాత్రికి గానీ దొరకలేదు. ఫోన్లోనే నాతో ఒక మాట కొట్టించాడు:

```
df -h
/dev/vda1   25G   25G   0  100%  /
```

వంద శాతం అని చూడగానే వాడికి అర్థమైపోయింది. తొందరపడి ఏదీ చెరపనివ్వలేదు. ముందు కాపీలు బాగున్నాయో లేదో చూడమన్నాడు. ఆఖరి దాని మీద `gzip -t` కొడితే `unexpected end of file` అని వచ్చింది, సగం కాపీ అన్నమాట. దాని ముందు మూడూ నిండుగా ఉన్నాయి. ఆ మూడూ మా ఇంటి లాప్‌టాప్‌లోకి దింపుకున్నాకే మిగతావి తీసేశాం. మన ఊరి నెట్‌కి దింపుకోవడమే తెల్లారిపోయింది. ఆ తర్వాత డేటాబేస్ లేచింది. ఆదివారం రాత్రి దాకా ఉన్న లిస్టు చెక్కుచెదరలేదు. అంటే దాచిన కాపీల అవసరమే పడలేదు, సైటుని ఆపింది మాత్రం అవే.

ఇంకో సంగతి అప్పుడే బుర్రకెక్కింది. ఆ కాపీలన్నీ సైటు ఉన్న గాదెలోనే ఉన్నాయి. ఆ కంప్యూటరే కాలిపోయి ఉంటే అసలూ పోయేది, కాపీలూ పోయేవి. విత్తనాల బస్తాలు, తిండి గింజలు ఒకే పాకలో పెట్టి నిశ్చింతగా పడుకున్నట్టు పడుకున్నాను నెల రోజులు.

ఇక అసలు నష్టం. డ్రైవరుకి వరుస నేను నోటితో చెప్పాను, కాలవగట్టు రైతు మాత్రం సైటు చూస్తాడు. ఆయనకి బుధవారం అనే తెలుసు. మంగళవారం ఏడింటికి మిషన్ వెళ్లేసరికి చేను మూలలు కోసి దారి ఇవ్వలేదు, ధాన్యానికి ట్రాక్టరు లేదు, మనిషి ఊళ్లోనే లేడు. డ్రైవరు అరగంట చూసి పక్క చేలోకి పోయాడు. ఆ సాయంత్రం వాన పడింది. ఆయన చేను కోతకొచ్చింది గురువారం. కొనుగోలుకి తేమ పదిహేడు శాతం దాటకూడదు కదా, ఆయన ధాన్యం ఇప్పుడు రోడ్డు పక్కన బరకాల మీద ఆరుతోంది.

నిన్న వెళ్లి కలిశాను. కోప్పడలేదు. "సైటు ఆగితే ఆగింది బాబాయ్, నువ్వెందుకు ఆగావు? ఫోన్ ఉంది, పంచాయతీ మైకు ఉంది" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. సోమవారమంతా ఇప్పుడొచ్చేస్తుంది, ఇప్పుడొచ్చేస్తుందని ఆ తెర ముందే కూచున్నాను. వచ్చాక చెబుదాంలే అనుకున్నాను. జాగా నిండటం తెలియక జరిగింది. రెండు రోజులు నోరు మెదపకపోవడం మాత్రం తెలిసి చేసిందే. ఆ ధాన్యం ఆరబెట్టే కూలీ నేను ఇస్తానన్నాను, ఒప్పుకున్నాడు.

ఇప్పటి పరిస్థితి ఇదండి. సోమవారం తెల్లవారుజాము రెండు నుంచి తొమ్మిది దాకా నేను ఎక్కించబోయినవి నిలవలేదు. ఆ పొద్దున్న పేర్లు చెప్పినవాళ్లు పదకొండు మంది. ఫోన్లో వచ్చిన కాల్స్ చూసుకుని తొమ్మిది మందిని మళ్లీ ఎక్కించాను. ఇద్దరు టీ కొట్టు దగ్గర నోటితో చెప్పారు, ఎవరో గుర్తు రావడం లేదు. ఆ ఇద్దరూ ఇవాళే నాకు చెప్పండి, మీ పాత వరుసలోనే పెడతాను.

ఇక నుంచి కాపీలు సైటు దగ్గర నాలుగే ఉంటాయి. కొత్తది నిండుగా వచ్చిందని తేలాకే పాతది పోతుంది. అది చూడకుండా రోజులు లెక్కేసి తీసేస్తే, కొత్తవి సగం సగం వస్తూ మంచివి పోయి చివరికి చేతిలో ఏమీ మిగలదు. ఆదివారం ఆదివారం ఒకటి మా ఇంటి లాప్‌టాప్‌కి దింపుతాను, నెలకోసారి దాన్ని తెరిచి చూస్తాను. జాగా ఎనభై శాతం దాటితే నా ఫోన్‌కి మెసేజ్ వస్తుంది.

వరుస లిస్టు రోజూ సాయంత్రం పుస్తకంలో కూడా రాస్తున్నాను. అది మా అరుగు మీదే ఉంటుంది, ఎవరైనా చూసుకోవచ్చు. సైటు గంట ఆగినా మైకులో చెప్పిస్తాను, వరుస మారినవాళ్లకి నేనే ఫోన్ చేస్తాను. చేయకపోతే వచ్చి అడగండి.