ద్రవ్యము, దేవత, త్యాగము: ఒక సంభారాల పట్టిక

ఖమ్మం మండలసీమకు దక్షిణపు అంచున, విజయవాడ నుండి కాజీపేటకు పోయే రైలుమార్గంపై ఎర్రుపాలెం ఉన్నది. జమలాపురంలో స్వయంవ్యక్తుడైన వేంకటేశ్వరస్వామి కొలువుదీరిన మండలమిదే. ఈ పరిసర గ్రామాలలోని రామాలయాలకు చైత్ర శుద్ధ నవమినాటి కల్యాణమే సంవత్సరానికంతటికీ పెద్ద ఉత్సవం. అట్టి ఒక గ్రామంలో విశ్రాంత ఉపాధ్యాయుడొకరు పాతికేళ్లుగా కల్యాణ సంభారాల పట్టిక వ్రాస్తున్నారు. పొడవాటి లెక్కల పుస్తకంలో ప్రతి పుటకూ మూడు గడులు గీస్తారు: వస్తువు, పరిమాణము, తెచ్చువారు.

మొదటి రెండు గడులను నింపడానికి అనుభవం చాలు. ఊరివారూ బంధువులూ కలిసి ఐదువందల మంది వస్తారు. ఒక్కొక్కరికి నూటయాభై మిల్లీలీటర్ల చొప్పున డెబ్బది ఐదు లీటర్ల పానకం కావాలి. ఐదు లీటర్ల నీటికి కిలో బెల్లం లెక్కన పదిహేను కిలోల బెల్లం, నూటయాభై గ్రాముల మిరియాలు, డెబ్బది ఐదు గ్రాముల ఏలకులు. బెల్లాన్ని ముందుగా కొద్ది నీటిలో కరిగించి, పలుచని గుడ్డలో వడకట్టి, ఇసుక అడుగున మిగిలిన పిదపనే తక్కిన నీరు కలపాలి. వడపప్పుకు పది కిలోల పెసరపప్పు. నానితే దాదాపు రెట్టింపవుతుంది గనుక మనిషికి నలభై గ్రాములు వస్తుంది. చైత్రపుటెండలో పప్పును తెల్లవారుజామునే నానబోస్తే మధ్యాహ్నానికి నురుగు పడుతుంది, చేతికి జిగురుగా తగులుతుంది, పుల్లని వాసన వేస్తుంది. అందువల్ల పంపకానికి రెండు గంటల ముందు మాత్రమే నానబెట్టాలని ఆయన పుస్తకపు అంచున ఎర్రసిరాతో వ్రాసి ఉంచారు.

తలంబ్రాలకు నూక లేని బియ్యం పది కిలోలు, పసుపు పావుకిలో, గులాలు పావుకిలో, ఆవునెయ్యి నూరు గ్రాములు. గులాలు కలపడం భద్రాచల సంప్రదాయం. అక్కడి తలంబ్రాలు ఎర్రగా ఉండటానికి అదే కారణం. తమలపాకులు రెండువందలు, వక్కలు నూరు, కొబ్బరికాయలు ఇరవై ఐదు, కర్పూరం నూరు గ్రాములు, జీలకర్ర, బెల్లం, భాషికాలు, మధుపర్కానికి పెరుగు, తేనె, నెయ్యి. ఇంతవరకు ఎవరైనా వ్రాయగలరు.

కష్టమంతా మూడవ గడిది. బెల్లం రైతులది. పెసరపప్పు కిరాణా వర్తకునిది. పూలమాలలు విజయవాడ వెళ్లి తెచ్చే యువకులది. వధూవరుల నడుమ పట్టే తెరచీర ఉతికి, మడిచి తెచ్చేది చాకలివారు. సున్నం, జేగురులతో అలంకరించిన ఐరేణి కుండలు కుమ్మరివారివి. పసుపుకొమ్ములు దంచేది ఊరి ముత్తైదువలు.

కొన్నేళ్ల క్రితం, పట్టణంలో స్థిరపడిన ఒక దాత సంభారాలన్నింటినీ తానే తెస్తానన్నాడు. ఊరికి భారం తప్పుతుందని అందరూ సంతోషించారు. ఆ సంవత్సరం మూడవ గడిలో పై నుండి క్రింది వరకు ఒకే పేరు వ్రాయబడింది. దాత లోపం చేయలేదు. బెల్లం మేలైనది వచ్చింది, పూలు రెట్టింపు వచ్చాయి. అయితే అభిజిల్లగ్నానికి అరగంట ముందు అర్చకులు తెరచీర అడిగితే లేదు, ఐరేణి కుండలు అడిగితే లేవు. అంగడివాడికి ఇచ్చిన పట్టికలో అవి లేవు. అవి ఎన్నడూ అంగడిలో కొన్నవి కావు గదా. తెరకు ఎవరిదో కొత్త కండువా పట్టారు. కుండలకు బదులు ఇత్తడి చెంబులు పెట్టారు. కల్యాణం ముహూర్తానికే జరిగింది.

ఆ సాయంకాలం వృద్ధ కుమ్మరి పందిరి గుంజ వద్ద నిలిచి ఉండగా ఉపాధ్యాయులు అడిగారు: "ఏమి పెద్దయ్యా, కుండలు తేలేదేమి?"

"చెప్పలేదు గదా, పంతులుగారూ. చేసి ఇంట్లోనే పెట్టిన. ఈ ఏడు అక్కరలేదేమో అనుకున్న."

ఆ మాటకు ఆయన వద్ద సమాధానం లేకపోయింది. పొరపాటు దాతది కాదు. పట్టిక వ్రాసిన చేతిది.

మీమాంసకులు యాగాన్ని మూడు అంగాలతో నిర్వచిస్తారు: ద్రవ్యము, దేవత, త్యాగము. దేవతను ఉద్దేశించి ద్రవ్యాన్ని "ఇది నాది కాదు" అని విడుచుటే యాగస్వరూపం. జైమిని సూత్రాల ఆరవ అధ్యాయంలో ప్రతినిధి విచారం ఉన్నది. విహితమైన ద్రవ్యం లభించకపోతే దానికి సదృశమైనదాన్ని గ్రహించవచ్చు. వ్రీహులు లేనప్పుడు నీవారాలు, అనగా అడవి వడ్లు, వాడినట్లు. దేవతకు, మంత్రానికి మాత్రం ప్రతినిధి లేదు. కర్మకు స్వామియైన యజమానికి కూడా లేదు; ఎందుకంటే త్యాగం చేయవలసినవాడు అతడే. అనేకులు కలిసి యజమానులుగా చేసే సత్రంలో మాత్రం, నడుమ ఒకరు మరణిస్తే సంఖ్యను పూరించడానికి మరొకరిని తేవచ్చు. అట్లు వచ్చినవాడు యజమాని నియమాలన్నీ పాటిస్తాడు, కాని ఫలానికి స్వామి కాడు.

ఈ విచారంతో చూస్తే ఆనాటి లోపం స్పష్టమవుతుంది. కండువా తెరచీరకు ప్రతినిధి కాగలదు. చెంబు కుండకు కాగలదు. బంగారు సూత్రం లేకపోతే పసుపుకొమ్ము కట్టిన దారం చాలునని ఇల్లిల్లూ ఎరుగును. ఉపచారంలో ఏ వస్తువు లోపించినా అర్చకులు అక్షతలు సమర్పించి పూర్తిచేస్తారు. కనుక మొదటి గడి సడలింపును సహిస్తుంది, రెండవదీ సహిస్తుంది. గ్రామోత్సవం సత్రం వంటిది, ఊరంతా యజమానులే. ఆ సంవత్సరం ద్రవ్యం లోపించలేదు, త్యాగం చేయవలసినవారు తొలగింపబడ్డారు.

భద్రాచలంలోనూ పట్టికకు ఈ మూడవ గడి ఉన్నది. అక్కడ అమ్మవారికి మూడు మంగళసూత్రాలు ధరింపజేస్తారు: దశరథుని పక్షాన ఒకటి, జనకుని పక్షాన ఒకటి, రామదాసుగా ప్రసిద్ధికెక్కిన కంచర్ల గోపన్న పేర ఒకటి. ముత్యాల తలంబ్రాలు, పట్టువస్త్రాలు నేటికీ ప్రభుత్వం పక్షాన వస్తాయి; తానీషా కాలం నాటి ఆచారమని చెబుతారు. పాలకులు మారారు, రాజ్యాలు మారాయి, తెచ్చువారి గడి మాత్రం ఖాళీ కాలేదు.

మరుసటి ఏడు దాత మళ్లీ వచ్చాడు. ఉపాధ్యాయులు పుస్తకం అతని ముందు ఉంచి, "నాయనా, పందిరి నీ పేర వ్రాసుకుంటాను. బెల్లంలో రైతులు ఇవ్వగా తక్కువైనది నీవు పూరించు. తక్కినవి తెచ్చేవారు ఉన్నారు," అన్నారు. అతడు మూడవ గడిని పై నుండి క్రింది వరకు చదివి తల ఊపాడు. అప్పటినుండి పట్టిక ఫాల్గుణ పౌర్ణమినాడే సిద్ధమవుతున్నది. అంగడిలో కొనని వస్తువులే మొదట వ్రాయబడుతున్నాయి. ఆ ఇళ్లకు ఉపాధ్యాయులు స్వయంగా వెళ్లి చెప్పి వస్తున్నారు.

వృద్ధ కుమ్మరి ఇప్పుడు లేడు. అతని కుమారులలో ఎవరూ సారె తిప్పరు. పెద్దకుమారుడు మధిర సంతలో రెండు కుండలు కొని, తండ్రి నేర్పినట్లే సున్నం, జేగురు పూసి, నవమినాటి ఉదయం తలపై పెట్టుకుని తెస్తున్నాడు. కుండ ప్రతినిధియే. తెచ్చేవాడు కాడు. పట్టికలో ఆ వరుసకు ఎదురుగా తండ్రి పేరు కొట్టివేయక, దాని ప్రక్కనే కుమారుని పేరు వ్రాయబడి ఉన్నది.