ఎంపీపీటీనా, పీడబ్ల్యూఎమ్మా? కంట్రోలర్ కొనేముందు ప్యానెల్ వెనక స్టిక్కర్ చూడండి

మొన్న మైపాడు రోడ్డు మీద కలిసిన ఇద్దరు ముగ్గురు రైతులు ఒకటే మాట అడిగారు. "సోలార్ కి ఎంపీపీటీ కంట్రోలర్ వేస్తేనే పనిచేస్తుందంట గదా, ఆరు వందల డబ్బా దండగంట గదా" అని. ఆ ఆరు వందల డబ్బానే పీడబ్ల్యూఎం కంట్రోలర్. అది దండగ కాదు. కాకపోతే దాన్ని తప్పు ప్యానెల్ కి తగిలిస్తే దండగే. ఆ తప్పు నేను చేశాను, ఏడాదిపాటు చేశాను. ఆ కథే ఇది. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

మాకు ఇందుకూరుపేట దగ్గర రొయ్యల గుంటలున్నాయి. వాటికి రెండు కాపలా షెడ్లు. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి. తెల్లవారుజామున నీళ్లలో ప్రాణవాయువు బాగా తక్కువగా ఉండే టైములో అరగంట ఆగినా రొయ్య పైకి తేలుతుంది. కాపలా మనిషి లేచి చీకట్లో జనరేటర్ దగ్గరకి పోవాలి. అందుకని షెడ్డు లైట్లు, కెమెరా కరెంటు మీద ఆధారపడకూడదని సోలార్ పెట్టాను.

పెద్ద షెడ్డుకి ఎవరో ఇంటిమీద నుంచి దించిన 330 వాట్ల ప్యానెల్ సెకండ్ హ్యాండ్ లో దొరికింది. 12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ, ఒక పీడబ్ల్యూఎం కంట్రోలర్ పెట్టాను. లోడు ఏంటంటే కెమెరా, రూటరు రోజంతా, రెండు లైట్లు, రెండు చిన్న డీసీ ఫ్యాన్లు. అన్నీ కలిపి రోజుకి సుమారు 750 వాట్ అవర్లు. 330 వాట్ల ప్యానెల్, మన దగ్గర రోజుకి ఐదు గంటల గట్టి ఎండ, ఎట్టా లెక్కేసినా మిగలాలి. కానీ తెల్లవారుజాము మూడింటికల్లా కెమెరా ఆగిపోయేది. బ్యాటరీ పోయిందనుకున్నా. ప్యానెల్ పాతది గదా, అదే పోయిందేమో అనుకున్నా. రెండూ బాగానే ఉన్నాయి.

అసలు సంగతి మా బావ తెచ్చిన డీసీ క్లాంప్ మీటర్ తో తెలిసింది. మిట్టమధ్యాహ్నం, బ్యాటరీ ఇంకా నిండనప్పుడు కొలిచాం. ప్యానెల్ వైరులో 8.3 ఆంపియర్లు. బ్యాటరీ వైరులో కూడా 8.3. ప్యానెల్ వైర్ల మధ్య వోల్టేజీ 13.4, బ్యాటరీ దగ్గర 13.2. గుణిస్తే 110 వాట్లు. 330 వాట్ల ప్యానెల్ నుంచి వస్తోంది 110!

ఎందుకంటే, పీడబ్ల్యూఎం అనేది లోపల ఒక స్విచ్ లాంటిది. బ్యాటరీ నిండేదాకా ప్యానెల్ ని నేరుగా బ్యాటరీకి కలిపి ఉంచుతుంది. నిండేకొద్దీ చకచకా ఆన్ ఆఫ్ చేస్తూ తగ్గిస్తుంది, అంతే. పెద్ద ఎద్దుని చిన్న ఎద్దు పక్కన కాడికి కడితే పెద్దది కూడా చిన్నదాని నడకే నడవాలి గదా. అట్టా 32 వోల్టుల దగ్గర పనిచేయాల్సిన ప్యానెల్ ని బ్యాటరీ 13 వోల్టులకి లాగేస్తుంది. ఆంపియర్లు పెరగవు. మిగతా వోల్టేజీ అంతా గాలికి పోయినట్టే.

ఎంపీపీటీ అట్టా కాదు, అది ట్రాక్టరు గేరుబాక్సు లాంటిది. ప్యానెల్ ని దానికి సుఖమైన వోల్టేజీ దగ్గరే నడవనిచ్చి, ఎక్కువున్న వోల్టేజీని ఆంపియర్లుగా మార్చి బ్యాటరీకి ఇస్తుంది. అదే ప్యానెల్ కి ఎంపీపీటీ పెట్టి మళ్లీ కొలిచాం. ప్యానెల్ వైపు 31 వోల్టులు, 8.2 ఆంపియర్లు. బ్యాటరీ వైపు 13.4 వోల్టులు, 18 ఆంపియర్లు. అంటే 240 వాట్లు. ఎండకి ప్యానెల్ వేడెక్కి కొంత, కంట్రోలర్ లోపల కొంత పోయినా అంతకుముందు వచ్చిన దానికి రెండింతలు పైనే. ఆ రోజు నుంచి కెమెరా తెల్లారేదాకా ఆగలేదు.

ఇది చూసి బావ, "అయితే మా షెడ్డుకి కూడా ఎంపీపీటీ తెప్పించు బావా" అన్నాడు. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో అదే మీరు ముఖ్యంగా తెలుసుకోవాల్సింది.

ఆయన షెడ్డులో ఉన్నది 100 వాట్ల చిన్న ప్యానెల్, 36 సెల్లులది, దానికి 80 ఏహెచ్ బ్యాటరీ. ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద Vmp అని ఉంటుంది. ప్యానెల్ గరిష్ఠంగా పనిచేసే వోల్టేజీ అది. ఆయన ప్యానెల్ కి అది 18. అయితే స్టిక్కర్ మీది లెక్క సెల్లు 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. మన ఎండలో ప్యానెల్ వెనక చెయ్యి పెట్టలేం, 60 డిగ్రీలు దాటుతుంది. వేడి పెరిగేకొద్దీ వోల్టేజీ పడిపోతుంది, సుమారుగా డిగ్రీకి 0.4 శాతం. ఆ లెక్కన 18 కాస్తా 15.5 అవుతుంది. బ్యాటరీ చార్జింగులో 13.8 దగ్గర ఉంటుంది. ఇంక గాలికి పోయేది ఎంత? రెండు వోల్టులు కూడా లేదు.

వాట్లలో చెప్పాలంటే, ఆ ఎండలో ఆ ప్యానెల్ 5.5 ఆంపియర్లు ఇస్తుంది. పీడబ్ల్యూఎం తో బ్యాటరీకి 76 వాట్లు చేరతాయి. ఎంపీపీటీ పెడితే, అది తినే ఐదు శాతం తీసేస్తే 81 వాట్లు. తేడా ఐదు వాట్లు! డిసెంబరు పొద్దుటిపూట ప్యానెల్ చల్లగా ఉండి బ్యాటరీ దిగిపోయి ఉంటే తేడా పది పదిహేను వాట్లదాకా పోవచ్చు. బ్యాటరీ నిండాక ఏ తేడా ఉండదు, అప్పుడు రెండూ తగ్గించే పనే చేస్తాయి.

బావ లోడు చూడండి. తెల్లవార్లూ వెలిగే 9 వాట్ల లైటు ఒకటి, సాయంత్రం నాలుగు గంటలు ఇంకోటి, ఆరు గంటలు చిన్న ఫ్యాను, సెల్ ఫోన్లు. మొత్తం 240 వాట్ అవర్లు. పీడబ్ల్యూఎం తో ఆయనకి రోజుకి 27 ఏహెచ్ దాకా ఎక్కుతుంది, బ్యాటరీలో పోయేది పోను 260 వాట్ అవర్లు చేతికొస్తాయి. ఎండ రోజుల్లో సరిపోతోంది. మరి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన వానల్లో? అప్పుడు చాలదు నిజమే. కానీ మబ్బులో ఆంపియర్లే రావు, ఎంపీపీటీ ఎండని పుట్టించలేదు. వచ్చే కొంచెంలో పదిహేను శాతం ఎక్కువిస్తే ఒరిగేదేంలేదు.

నేను కొన్నప్పుడు 20 ఆంపియర్ల సరైన ఎంపీపీటీ 3,500 అయింది, పీడబ్ల్యూఎం 600. ఆ 2,900 తేడాకి ఇంచుమించు ఇంకో 100 వాట్ల ప్యానెల్ వస్తుంది. బావ అదే చేశాడు. రెండో ప్యానెల్ ని మొదటిదానికి ప్లస్ కి ప్లస్, మైనస్ కి మైనస్ కలిపి, పాత పీడబ్ల్యూఎం తోనే నడుపుతున్నాడు. 11 ఆంపియర్లు వస్తున్నాయి, ఆయన డబ్బా 20 ఆంపియర్లది కాబట్టి ఇబ్బంది లేదు. మబ్బు రోజున కూడా ముందుకంటే రెండింతలు ఎక్కుతోంది.

కాబట్టి కంట్రోలర్ ని విడిగా చూసి కొనకండి, స్టిక్కర్ మీది Vmp చూసి కొనండి. Vmp 17 నుంచి 19 ఉండి బ్యాటరీ 12 వోల్టులదైతే పీడబ్ల్యూఎం చాలు. Vmp 36 నుంచి 38 ఉండి, రెండు బ్యాటరీలు వరసగా కలిపి 24 వోల్టులు చేసుకుంటే అప్పుడూ పీడబ్ల్యూఎం చాలు. నా 330 వాట్ల ప్యానెల్ అట్టాంటిదే. నాకు రెండో బ్యాటరీ, 24 వోల్టుల లైట్లు ఉంటే ఎంపీపీటీ అవసరమే వచ్చేది కాదు.

ఎక్కువమంది మోసపోయేది Vmp 30, 31 ఉండే 60 సెల్లుల ప్యానెల్ తో. 12 వోల్టుల బ్యాటరీకి పెడితే సగం పైన పోతుంది. 24 కి పెడదామంటే మన ఎండకి అది 26, 27 కి పడిపోతుంది, బ్యాటరీ నిండటానికి 28 పైన కావాలి, ఎప్పటికీ నిండదు. సగం నిండిన బ్యాటరీ నెలల తరబడి అట్టే ఉంటే పాడైపోతుంది. దీనికి ఎంపీపీటీ ఒక్కటే దారి. ఈమధ్య వచ్చే 540 వాట్ల పెద్ద ప్యానెళ్లకి కూడా ఎంపీపీటీయే మేలు, వాటి Vmp 41 దాకా ఉంటుంది.

ఇంకో నంబరు Voc. లోడు లేనప్పుడు ప్యానెల్ ఇచ్చే వోల్టేజీ. నా పెద్ద ప్యానెల్ కి అది 46. కంట్రోలర్ డబ్బా మీద ప్యానెల్ వోల్టేజీ ఎంతవరకు అని రాసి ఉంటుంది, Voc దానికంటే బాగా తక్కువ ఉండాలి. చల్లని పొద్దుటిపూట అది ఇంకా పెరుగుతుంది. చిన్న డబ్బాలు కొన్ని 25 వోల్టులే తట్టుకుంటాయి, వాటికి పెద్ద ప్యానెల్ తగిలిస్తే మొదటి ఎండకే కాలిపోతాయి.

ఆఖరుగా ఒక జాగ్రత్త. ఏడు ఎనిమిది వందలకి ఎంపీపీటీ అని అచ్చేసిన డబ్బాలు అమ్ముతున్నారు. నేను కూడా ముందు అట్టాంటిదే ఒకటి తెచ్చాను. లోపల ఉన్నది పీడబ్ల్యూఎమ్మే. కనుక్కోవడం తేలిక. పెద్ద ప్యానెల్ తగిలించి, మధ్యాహ్నం బ్యాటరీ నిండకముందు మీటరు పెట్టండి. ప్యానెల్ వైపు వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీతో సమానంగా ఉంటే అది పీడబ్ల్యూఎం, డబ్బా మీద ఏం రాసి ఉన్నా సరే. నిజమైన ఎంపీపీటీ అయితే ప్యానెల్ వైపు వోల్టేజీ Vmp కి దగ్గరగా ఉంటుంది, బ్యాటరీ వైపు ఆంపియర్లు ప్యానెల్ వైపు కంటే ఎక్కువ చూపిస్తాయి. చేతిలో పట్టుకున్నా తెలుస్తుంది, లోపల రాగి తీగ చుట్టిన బరువైన కాయిల్ ఉంటుంది కాబట్టి అరచేతిలో తేలిపోయేంత తేలిగ్గా ఉండదు.

ఈరోజే మీ షెడ్డు ప్యానెల్ వెనక స్టిక్కర్ ఫోటో తీసి, బ్యాటరీ ఎన్ని వోల్టులో రాసి కామెంట్లో పెట్టండి. డబ్బులు పెట్టాలా వద్దా ఇక్కడే లెక్క చూద్దాం.