ఆయిల్ ఇంజను ఆగిన యాసంగి

అచ్చంపేట దాటి నల్లమల అంచుకు పోతుంటే కరెంటు స్తంభాలు ఒకచోట ఆగిపోతాయి. అక్కడి నుంచి తండా వాళ్ల చెలకలన్నీ అటవీ హక్కుల పట్టా భూములు. రాష్ట్రమంతా వ్యవసాయానికి ఉచిత కరెంటు ఉన్నా, అడవిలోంచి తీగ లాగడానికి అనుమతులు దొరకక ఈ చెలకలకు అది చేరలేదు. 2025 మే నెలలో, ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న మాచారంలో, ఇటువంటి భూములకు సోలార్ పంపులిచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకాన్ని మొదలుపెట్టారు. నేను చూడబోయిన కుటుంబానికీ ప్లేట్లు తమ రెండున్నర ఎకరాల పట్టా మీదే వచ్చాయి. సోలార్ ప్యానెల్ అని ఇక్కడ ఎవరూ అనరు, ప్లేట్లే. అవి వచ్చాక మొదటి పల్లి పంట పీకుతుండగా వెళ్లాను.

ముందు బావి చూడాలి. అడ్డం ఇరవై అడుగులు, లోతు ముప్పయ్యారు. నేల నుంచి పన్నెండు అడుగుల కింద రాతిలో ఒక అరుగు చెక్కారు. ఆయిల్ ఇంజను అక్కడ ఉండేది. నీటిని పైకి పీల్చే పంపు ఇరవై రెండు అడుగులకు మించి పీల్చలేదు కాబట్టి, నీరు దిగే కొద్దీ ఇంజనూ దిగాలి. ఇంటాయన తాడు పట్టుకుని అరుగు మీదికి దిగి, పైపు నింపి, హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేసేవాడు. పొగంతా బావిలోనే తిరిగేది. హ్యాండిల్ ఎదురు కొడితే మణికట్టు విరిగేది. అందుకే ఈ ఇంట్లో నీళ్లు పెట్టడం ఎప్పుడూ మగవాడి పని. ఆయన కూలికి పోయిన రోజు చేను ఎండేది.

ఖర్చు సంగతి ఆయనే చెప్పాడు. గంటకు దాదాపు లీటరు డీజిల్. లీటరు 95 రూపాయలు దాటింది. రెండెకరాల పల్లికి ఒక తడి సరిగ్గా అందాలంటే నాలుగు లక్షల లీటర్ల నీళ్లు కావాలి. అంటే పన్నెండు గంటల ఇంజను, పదకొండు వందల పైచిలుకు రూపాయలు. ఎనిమిది, తొమ్మిది తడులు కావాల్సిన పంటకు ఆరుతో సరిపెట్టేవారు. మిగతా అరెకరం బీడుగా ఉండేది. పొదుపు అనండి, లేమి అనండి, ఎంత నీరు తోడాలో డీజిల్ డబ్బా తేల్చేది.

ఇప్పుడు బావిలో మూడు హెచ్‌పీ మోటరు మునిగి ఉంది. గట్టు మీద పది ప్లేట్లు, ఒక స్టార్టరు పెట్టె. బటన్ నొక్కితే చాలు. ఇంటామె నొక్కుతుంది.

మొదటి వారంలోనే చిక్కు బయటపడిందట. పొద్దున ఎనిమిదికి మోటరు తిరిగింది, పైపులో నీళ్లు పడ్డాయి, కానీ చేను చివరి మడికి చుక్క చేరలేదు. ఇంజను స్టార్టయిన నిమిషం నుంచీ నిండు ధార ఇచ్చేది. సోలార్ ధార మాత్రం ఎండతోపాటే పెరిగి, ఎండతోపాటే తగ్గుతుంది. పొద్దున పడే సన్నధారను చెలక ఇసుక కాలువలోనే తాగేసింది. పదకొండు నుంచి రెండు దాకా గంటకు ముప్పయి వేల లీటర్ల పైన పోస్తే గానీ దూరపు మడులు తడవవు. ఆమె నాలుగు రోజులు చూసి వరస తిప్పేసింది. పొద్దున బావి పక్క మడులు, నడి ఎండకు చివరివి, మూడు దాటాక మళ్లీ దగ్గరివి. ఏ ఇంజనీరూ చెప్పని ఏర్పాటు ఇది. పంపులు బిగించే వాళ్లంతా మొదటి రోజే రైతులకు చెప్పాల్సిన మాట ఇదేనని నాకనిపించింది.

ఇంకోటి కూడా ఆమే పట్టింది. మబ్బు లేకున్నా రెండున్నరకే ధార సగానికి పడిపోతోంది. ప్లేట్లు కడిగినా మార్పు లేదు. మర్నాడు అదే వేళకు వెళ్లి నిలబడి చూస్తే, వేప కొమ్మ నీడ చివరి ప్లేటు మూల మీద పడుతోంది. ప్లేట్లన్నీ వరుసగా ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి ఒకదాని మీద నీడ పడ్డా మొత్తం మీద దెబ్బ. కొమ్మ కొట్టేశాక సాయంత్రం ధార నాలుగు దాకా నిలిచింది.

అసలు కష్టం మోటరు వల్ల రాలేదు, ఉచితం వల్ల వచ్చింది. పల్లి మొలిచాక ఇరవై, ఇరవై అయిదు రోజులు నీళ్లు ఆపాలి. ఆ బెట్టకే పూత ఒక్కసారిగా వస్తుంది. డీజిల్ రోజుల్లో ఆ నియమం దానంతటదే సాగేది, డబ్బు లేక. ఈసారి ఆయన చేతులు ఆగలేదు. ఎండ ఊరికే పోతున్నట్టనిపించి రోజూ తడిపాడు. ఇంటి ముసలమ్మ గట్టు మీద కూర్చుని తిట్టింది: "పైరు కొంచెం ఎండాలెరా! గిట్ల తాపితే ఆకే పెరుగుతది, కాయ కాదు." అట్లాగే అయింది. ఆకు గుబురుగా పెరిగింది, పూత ఆలస్యంగా, విడతలు విడతలుగా వచ్చింది. పీకేటప్పుడు నేనూ చూశాను, ఒకే చెట్టుకు ముదురు కాయలూ లేత బుడ్డలూ కలిసి ఉన్నాయి.

దానికి తోడు, బీడు అరెకరం కూడా విత్తారు. అక్టోబరులో నేల నుంచి పద్నాలుగు అడుగుల కిందే నీళ్లు కనబడ్డాయి, ధైర్యం వచ్చింది. జనవరికి, కాయ ఊరే వేళకు, తెల్లవారి నీటిమట్టం ఇరవై ఆరుకు దిగింది. మధ్యాహ్నం ఒంటిగంటకే మోటరు దానంతటదే ఆగేది. చెడిపోయిందనుకుని ఫోన్లు చేశారు. చెడలేదు. నీరు అందనప్పుడు మోటరు కాలిపోకుండా స్టార్టరు ఆపేస్తుంది.

ఒక రాత్రి లెక్క వేసింది పదో తరగతి చదివే బిడ్డ. బావిలో నీరు ఒక అడుగు పెరిగితే తొమ్మిది వేల లీటర్లు. రాత్రంతా ఊట ఆరడుగులు, అంటే యాభై నాలుగు వేలు. రెండున్నర ఎకరాల తడికి అయిదు లక్షలు కావాలి, తొమ్మిది రోజులు దాటుతుంది. చెలకలో కాయ ఊరే పైరు అన్ని రోజులు ఆగలేదు. రెండెకరాలైతే ఏడున్నర రోజులకు తడి తిరిగొస్తుంది. పిల్ల తాడుకు రాయి కట్టి పొద్దునా సాయంత్రం కొలిచి, పుస్తకంలో రాసి పెట్టింది. ఆ అంకెలు చూసి ఇంటామె అరెకరానికి నీళ్లు ఆపేసింది. మొగుడు రెండు రోజులు మాట్లాడలేదట. ఈ మాట ఆయన ముందే నవ్వుతూ చెప్పింది.

పంట ఎంతంటే, తూకం ఇంకా కాలేదు. రెండెకరాల్లో పదహారు క్వింటాళ్లు పైమాటే అంటాడు ఆయన. నిరుటి కంటే రెండు మూడు ఎక్కువ, డీజిల్‌కు పైసా పెట్టకుండా. వదిలేసిన అరెకరంలో తప్ప కాయలే, ఆ కట్టె మేకలకు వేస్తున్నారు.

నేను లేచేసరికి ఇంట్లో కొత్త పంచాయతీ నడుస్తోంది. ఎండాకాలం టమాట వేస్తానంటాడు ఆయన. మార్చి, ఏప్రిల్లో ప్లేట్లు బాగా పనిచేస్తాయి కదా అని. "ఎండుంటదన్నా, నీళ్లుండయి. ఏప్రిల్ల బావి అడుగు కనబడుతది," అని ఆమె నాతో అంది. చివరికి పది గుంటలకు డ్రిప్ వేసి, రోజుకు రెండు గంటలే మోటరు తిప్పుదామన్న దగ్గర ఇద్దరూ ఆగారు. ఆ రెండు గంటలు పొద్దునా, మధ్యాహ్నమా అన్నది తేలలేదు.