సరి పేజీలు రాని అగ్రిమెంటు

అద్దె ఇంటి అగ్రిమెంటు చేతికి రాగానే మనలో చాలామందిమి అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత అని చూసి పక్కన పెట్టేస్తాం. మా చెల్లెలి కూతురు విజయవాడలో ఇల్లు చూసుకుని, "పెద్దమ్మా, సాయంత్రానికల్లా అడ్వాన్సు కట్టాలట, ఒకసారి చదివి చెప్పవూ" అని వాట్సప్‌లో కాగితాలు పంపింది. నాలుగు పేజీలు. అద్దె 14,000, అడ్వాన్సు 42,000. బాగానే ఉందనిపించింది.

కానీ పేజీల కింద అంకెలు చూస్తే 1, 3, 5, 7. దస్తావేజు లేఖరి కాగితానికి రెండువైపులా అచ్చు వేయించాడు. ఫొటో తీసినవాళ్ళు ఒకవైపే తీశారు. అంకెలు వేయకపోయినా ఈ సంగతి పట్టుకోవచ్చు. షరతుల నంబర్లు 3 నుంచి 6కి దూకాయి. పేజీ చివర వాక్యం తెగిపోయి, తర్వాతి పేజీ మొదట్లో ఇంకేదో మొదలైంది. పైగా సంతకాలు, సాక్షుల పేర్లు ఎక్కడా లేవు.

సరే, వచ్చినంతలో ఏవి చెప్పగలం, ఏవి చెప్పలేం అని పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పేర్లు, ఇంటి నంబరు, 11 నెలల గడువు, అద్దె ఐదో తేదీలోపు ఇవ్వాలన్నది మొదటి పేజీలో పూర్తిగా ఉన్నాయి. వాటికి టిక్కు పెట్టాను. అదీ పెన్సిల్‌తోనే. ఎందుకంటే "పైన ఏమి రాసి ఉన్నప్పటికీ" అని వెనక పేజీలో ఒక్క మాట ఉంటే చాలు, ముందు రాసిందంతా మారిపోతుంది.

మూడో షరతు సగంలో ఆగింది. "ఇల్లు ఖాళీ చేసినప్పుడు అడ్వాన్సు మొత్తమును" అన్న చోట పేజీ అయిపోయింది. మొత్తాన్ని తిరిగి ఇస్తారా, రంగుల ఖర్చు పట్టుకుని ఇస్తారా, ఎన్నాళ్ళకి ఇస్తారు? అదంతా రెండో పేజీలో ఉంది. ఇలాంటిదాన్ని మన మంచితనంతో పూరించుకోకూడదు.

మూడో పేజీ మొదట్లో దీనికి తిరగేసిన ముక్క ఉంది: "లేనిచో ఒక నెల అద్దె మినహాయించబడును." ఏం చేయకపోతే? నోటీసు ఇవ్వకపోతేనా, గోడలకు రంగులు వేయించకపోతేనా? శిక్ష కనిపిస్తోంది, తప్పేమిటో కనిపించడం లేదు.

అన్నిటికంటే మోసపోయేది ఐదో పేజీలో ఉన్న 13వ షరతుతో. "ఇరువురిలో ఎవరైనను రెండు నెలల ముందు నోటీసు ఇచ్చి, 11వ షరతుకు లోబడి, ఖాళీ చేయవచ్చును లేదా చేయించవచ్చును." వాక్యం పూర్తిగా ఉంది, చదివితే న్యాయంగానూ ఉంది. కానీ ఆ 11వ షరతు నాలుగో పేజీలో ఉంది. మా అల్లుడిది బదిలీల ఉద్యోగం, మూడు నాలుగు నెలల్లో ఆర్డరు రావచ్చు. ఇన్ని నెలలు తప్పక ఉండాలి, మధ్యలో వెళితే మిగతా నెలల అద్దె కట్టాలి అని కొందరు రాయిస్తారు. ఆరు నెలలని రాసి ఉండి వీళ్ళు మూడో నెలాఖరున వెళ్ళాల్సి వస్తే, మూడు నెలల అద్దె 42,000. అంటే అడ్వాన్సు అంతా అక్కడికే సరి.

ఏడో పేజీలో "షెడ్యూలులో చెప్పిన సామాను యథాతథముగా అప్పగించవలెను" అని ఉంది. ఆ షెడ్యూలు ఎనిమిదో పేజీలో ఉండిపోయింది. ఎన్ని ఫ్యాన్లు, గీజరు ఉందా, కుళాయిలు ఎన్ని అన్నది తెలియకుండా దేనికి ఒప్పుకున్నట్టు?

ఇక నాలుగో పేజీలో 9 నుంచి 12 వరకు ఉన్న షరతుల గురించి బాగున్నాయనీ చెప్పలేం, బాగాలేవనీ చెప్పలేం. పిల్లకి అదే చెప్పాను: "అద్దె, తేదీలు కనిపించినంతవరకు సరే. అడ్వాన్సు వాపసు, నోటీసు, సామాను, ఈ మూడూ చూడలేదు. డబ్బు పంపకు. 2, 4, 6, 8 పేజీలు తెప్పించు."

"వాళ్ళేమైనా అనుకుంటారేమో పెద్దమ్మా" అంది. అనుమానంగా అడగక్కర్లేదు. "వెనకవైపు ఫొటోలు రాలేదండీ, పంపిస్తారా" అంటే చాలు. ఇంటాయన అరగంటలో పంపించేశాడు. ఆయన దాచిందేమీ లేదు.

11వ షరతు నేను భయపడ్డట్టే ఆరు నెలలని ఉంది. బదిలీ సంగతి చెబితే, ఆర్డరు కాపీ చూపిస్తే ఈ షరతు వర్తించదని ఒక వాక్యం చేర్చడానికి ఆయన ఒప్పుకున్నాడు. "లేనిచో" ముందున్నది రంగుల సంగతి. షెడ్యూలులో నాలుగు ఫ్యాన్లని ఉంటే ఇంట్లో మూడే ఉన్నాయి, అంకె దిద్దించారు. ఆ తర్వాతే డబ్బు కట్టి, ఎనిమిది పేజీల మీదా ఇద్దరూ సంతకాలు చేశారు.