పెద్దమ్మ పంపిన ఫోటో



పోయిన సోమవారం ఉదయం పది గంటలకు టెక్కలి నుంచి పెద్దమ్మ ఫోన్ చేసింది. బ్యాంకు యాప్ తెరవగానే ఎర్ర అక్షరాలు వస్తున్నాయట. కస్టమర్ కేర్ అమ్మాయి స్క్రీన్‌షాట్ తీసి పంపమందట.

"అదేటి నాయనా? పిల్లలకి పాఠాలు చెప్పినాను గానీ ఇది నాకేటి తెలుస్తాది?"

ముందు ఒక మాట అడిగాం, ఆ నంబరు ఎక్కడిదని. పాసుబుక్కు మీదదేనంది. నెట్‌లో వెతికిన నంబరైతే అక్కడే ఆపేద్దుం.

స్పీకరు పెట్టించాం. ఫోను చెవి దగ్గరుంటే తెర కనబడదు కదా. "కుడి అంచున పొడుగు మీట సౌండుది, దాని కింద పొట్టిది తెర ఆర్పేది. పొడుగుదాని కింది కొస, పొట్టిది, రెండూ ఒకేసారి నొక్కి వెంటనే వదిలెయ్" అన్నాం. మేము చీపురుపల్లిలో ఉన్నాం, మాకు కనబడేది ఆమె మాట ఒక్కటే. "పక్కన గీత లేచినాది" అంటే సౌండు మీట ముందు పడింది. "తెర ఆరిపోనాది" అంటే పొట్టిది ముందు పడింది. "ఆపమంతావా అని అడుగుతోంది" అంటే మరీ సేపు పట్టుకుంది.

నాలుగోసారి ఇంగ్లీషులో ఏదో వచ్చిందని కూడబలుక్కుని చదివింది: Can't take screenshot due to security policy.

యాప్ మూసి, మామూలు తెర మీద నొక్కించాం. మూలన చిన్న బొమ్మ పడింది. అంటే ఆమె వేళ్ళ తప్పేమీ లేదు. చాలా బ్యాంకు యాప్‌లు తమ తెరను బొమ్మ తియ్యనివ్వవు. మోసగాళ్లు మన తెరను దూరం నుంచి చూడబోయినా నల్లగానే కనబడాలని పెట్టిన తాళమది. అరగంట ఆమెను నొక్కించాక గాని మాకు ఆ సంగతి గుర్తు రాలేదు!

ఇక పక్కింటి గుంటడిని పిలిపించి, వాడి ఫోనుతో ఫోటో తీయించాం. ట్యూబులైటు మెరుపు పడకుండా ఫోనును కొంచెం వాల్చమన్నాం. ఖాతా నంబరు మీద కాగితం ముక్క పెట్టించాం. తెర పై అంచు మాత్రం తెగిపోకూడదని గట్టిగా చెప్పాం.

ఆ అంచే పనికొచ్చింది. ఫోటో చూసిన అమ్మాయి, "అమ్మా, మీ ఫోనులో టైము రెండు నలభై చూపిస్తోందేంటి?" అందట. మనవడు ఏదో ఆట కోసం గడియారం ముందుకు తిప్పేశాడు. తేదీ కూడా రెండు వారాలు ముందుకుంది. ఫోను తేదీకి, బ్యాంకు తేదీకి పొంతన లేకపోతే కొన్ని యాప్‌లు లోపలికి రానివ్వవు. సెట్టింగుల్లో ఆటోమేటిక్ టైము పెట్టించగానే ఎర్ర అక్షరాలు పోయాయి.

ఆ రాత్రి పెద్దమ్మ దగ్గర నుంచి మా వాట్సాప్‌కి ఆరు స్క్రీన్‌షాట్లు వచ్చాయి. అన్నీ వట్టి గడియారం బొమ్మలే, టైము సరిగ్గానే ఉంది.