ఇంట్లో నెట్ ఉంది, ఫోను మాత్రం మోగలేదు

ఈసారి పామాయిల్ ధర గురించి కాదు, మొక్కజొన్న గురించి కాదు. ఫోను గురించి రాస్తున్నాను. ఓపిగ్గా చదవండి, కొంచెం పెద్దదే.

కిందటి వానాకాలంలో మా అమ్మకి ఆయాసం ఎక్కువైతే ఏలూరు ఆస్పత్రిలో చేర్చాం. నాలుగు రోజులు నేనే దగ్గరున్నాను. ఐదో రోజు పొద్దున్నే తోటలో గెలల కోత ఉంది. ముఠా దొరక్క దొరక్క దొరికింది, కోసిన గెల ఇరవై నాలుగు గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి. అందుకని ఆ ఒక్క రాత్రికి తమ్ముణ్ణి అక్కడ ఉంచి నేను ఇంటికొచ్చాను. ఫోను తల దగ్గరే పెట్టుకుని పడుకున్నాను. సౌండు కూడా నిండా పెట్టాను.

తెల్లారుజామున ఐదింటికి పాలు తీద్దామని లేచి గొడ్ల పాకలోకి వెళ్ళగానే జేబులో ఫోను టపటపా మెసేజ్‌లు కొట్టింది. తమ్ముడు రాత్రి ఒంటిగంటన్నర నుంచి తొమ్మిదిసార్లు చేశాడు. అమ్మకి ఎక్కువైందని, విజయవాడ తీసుకెళ్ళాలన్నారని, సంతకం వాడే పెట్టి అంబులెన్సులో వెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. వాడు చేసిన ప్రతిసారీ నేను కవరేజీలో లేనని చెప్పిందట. వాడిది కీప్యాడ్ ఫోను, వాట్సాప్ లేదు. అమ్మ దేవుడి దయవల్ల కోలుకుంది. కానీ మూడో రోజు కళ్ళు తెరిచి అడిగిన మొదటి మాట, "పెద్దోడు ఆ రాత్రి రాలేదేంరా?" అని. ఆ మాటకి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదండి.

నన్ను ఇంకా బాధపెట్టిందేమిటంటే, ఆ రాత్రంతా పక్కగదిలో మా వైఫై డబ్బా వెలుగుతూనే ఉంది. ఫైబర్ లైను వచ్చి రెండేళ్ళయింది. మనవరాలు అదే ఇంట్లో వీడియోలు చూస్తుంది. నెట్ నిండుగా ఉన్న ఇంట్లో మామూలు కాలు రాలేదు.

పాత పెంకుటింట్లో ఉన్నప్పుడు ఈ బాధ లేదు. నడింట్లో కూర్చున్నా ఫోను మోగేది. స్లాబు ఇల్లు కట్టాకే మొదలైంది. స్లాబులో ఇనుప ఊచల వల, కాంక్రీటు, వెనక వసారాకి రేకులు. టవర్ నుంచి వచ్చే సిగ్నల్ మా మెట్ట ఊళ్ళకి వచ్చేసరికే పల్చబడి ఉంటుంది. ఇనుము, కాంక్రీటు దాటేసరికి మిగిలేది ఒక్క గీత, ఒక్కోసారి అదీ ఉండదు. చుట్టూ పామాయిల్ తోటలుంటే ఇంకొంత తగ్గుతుంది.

మొదట ఒకాయన సిగ్నల్ బూస్టరని ఒక డబ్బా చూపించాడు. బయట యాంటెన్నా పెట్టి ఇంట్లోకి లాగుతుందన్నాడు. కొనబోయాను. మా మేనల్లుడు ఆపాడు. "మావయ్యా, అనుమతి లేకుండా అది ఇంట్లో పెట్టుకోవడమే నేరం, పైగా టవర్‌కి గోల పంపి ఊరందరి కాల్స్ చెడగొడుతుంది" అన్నాడు. వాడు ఫోన్లు బాగుచేసే పని నేర్చుకున్నవాడు లెండి. వాడే చెప్పాడు, డబ్బు ఖర్చు లేని దారి నా ఫోన్లోనే ఉందని. దాని పేరు వైఫై కాలింగ్.

విషయం ఇదీ. మామూలుగా మన కాలు ఫోను నుంచి టవర్‌కి, టవర్ నుంచి కంపెనీకి వెళ్తుంది. వైఫై కాలింగ్ పెడితే ఫోను టవర్‌ని వదిలేసి, మన ఇంటి నెట్ మీదుగా నేరుగా అదే సిమ్ కంపెనీకి చేరుతుంది. నంబరు మనదే. అవతలివాళ్ళకి నెట్ అక్కర్లేదు, వాట్సాప్ అక్కర్లేదు, తమ్ముడి కీప్యాడ్ ఫోను నుంచి చేసినా మన దగ్గర మోగుతుంది. వేరే యాప్ ఏమీ వేసుకోనక్కర్లేదు. మన దేశంలో ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో మొదలుపెట్టాయి. బీఎస్‌ఎన్‌ఎల్ 2026 జనవరి 1న దేశమంతా ఇస్తున్నట్టు ప్రకటించింది. ఇన్నేళ్ళూ నా జేబులో ఉండి కూడా నాకు తెలియలేదు.

నా ఫోను శాంసంగ్. అందులో Settings తెరిచి, Connections లోకి వెళ్తే Wi-Fi Calling అని మీట ఉంది. మా ఆవిడ రెడ్‌మీ ఫోన్లో సిమ్ కార్డుల పేజీలోకి వెళ్ళి, సిమ్ పేరు మీద నొక్కితే Make calls using Wi-Fi అని వచ్చింది. ఏ ఫోనైనా దారి తెలియకపోతే Settings పైన వెతికే గడిలో Wi-Fi calling అని కొడితే చూపిస్తుంది. దాంతోపాటు VoLTE అనే మీట కూడా వేసి ఉండాలి. ఎంత వెతికినా కనపడకపోతే ఆ ఫోనుకో, ఆ సిమ్ కంపెనీకో ఆ సౌకర్యం లేదని అర్థం. ముందు ఫోను అప్‌డేట్ చేసి ఇంకోసారి చూడండి. మామూలు కీప్యాడ్ ఫోన్లలో వెతకొద్దు.

మీట వేశాక పని అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల తర్వాత తమ్ముడు చేస్తే మళ్ళీ కవరేజీలో లేనంది! మేనల్లుణ్ణి తిట్టబోయాను. వాడు ఫోను తీసుకుని చూసి నవ్వాడు. నాకు రెండు సిమ్‌లు. నేను మొదటి సిమ్‌కే మీట వేశాను. తమ్ముడి దగ్గర, ఆస్పత్రి చీటీ మీద, బ్యాంకులో ఉన్నది రెండో నంబరు. ఒక్కో సిమ్‌కి ఒక్కో మీట ఉంటుందండి, ఇది మాత్రం మర్చిపోకండి.

అప్పుడు వాడు పరీక్ష నేర్పాడు. ఇంట్లో కూర్చుని ఫోన్ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాలి. టవర్ గీతలు పోతాయి. తర్వాత వైఫై ఒక్కటే తిరిగి ఆన్ చెయ్యాలి. అర నిమిషం ఆగితే పైన VoWiFi అనో, ఫోను బొమ్మ పక్కన వైఫై గుర్తో వస్తుంది. ఇప్పుడు వేరే ఫోను నుంచి ఒకసారి మొదటి నంబరుకి, ఒకసారి రెండో నంబరుకి చెయ్యాలి. రెండూ మోగితే పని అయినట్టే. టవర్‌తో సంబంధమే లేదు కాబట్టి ఇందులో అబద్ధం ఉండదు. తర్వాత ఏరోప్లేన్ మోడ్ తీసెయ్యండి. రాత్రంతా అలాగే ఉంచి పడుకుంటే, వైఫై పోయిన క్షణం నుంచి ఏ దారీ ఉండదు.

ఇంకో చిక్కు వచ్చింది. ఒక్కో రోజు కాలు మోగుతుంది గానీ మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. కారణం ఏమిటంటే, బొత్తిగా సిగ్నల్ లేకపోతే ఫోను వైఫైని పట్టుకుంటుంది. ఒక్క గీత ఉంటే మాత్రం కొన్ని ఫోన్లు ఆ గీతనే పట్టుకుని వేలాడతాయి. మునిగిపోయేవాడు గడ్డిపోచ పట్టుకున్నట్టు. కొన్ని ఫోన్లలో వైఫై కాలింగ్ పేజీలోనే Calling preference అని ఉంటుంది, దాంట్లో వైఫైకి ముందు చోటు ఇస్తే సరి. లేనివాళ్ళు ఇంట్లో ఏ మూల ఒక్క గీత కూడా రాదో చూసి ఫోను అక్కడ పెట్టుకోండి. వినడానికి వింతగా ఉంటుంది గానీ మా ఇంట్లో మాట బాగా వినిపించేది సిగ్నల్ అసలు రాని నడిగదిలోనే.

మాట్లాడుతూ మాట్లాడుతూ పాకలోకి వెళ్తే కాలు వైఫై నుంచి టవర్‌కి మారాలి. మా పాక దగ్గర 4జీ ఉంది కాబట్టి తెగకుండా మారుతుంది. టవర్ అందని చోటైతే వైఫై దాటగానే తెగిపోతుంది.

అసలు సమస్య కరెంటండి. గాలీ వానా వస్తే మన ఊళ్ళలో ముందు పోయేది అదే, ఫోను అవసరం పడేదీ అప్పుడే. కరెంటు పోతే వైఫై డబ్బా ఆరిపోతుంది, దాంతో ఈ కాలింగూ పోతుంది. మందు కొట్టే పంపు బ్యాటరీ కూడా 12 వోల్టులే కదా, అది తగిలిద్దామనుకున్నాను. ఛార్జింగులో ఉన్నప్పుడు దాని వోల్టేజి పెరుగుతుంది, డబ్బా కాలుతుందని మేనల్లుడు చెప్పాడు. రూటర్ల కోసమే మినీ యూపీఎస్ అని చిన్న పెట్టె అమ్ముతున్నారు. కొనేముందు మీ డబ్బా అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసుకుని దానికి సరిపోయేదే తీసుకోండి. మాది 12 వోల్టులు, 1 ఆంపియర్. యూపీఎస్ ఉన్నా తీగ ఎక్కడో తెగితే మాత్రం లాభం లేదు. అప్పుడు ఫైబర్ డబ్బా మీద LOS అన్నచోట ఎర్రదీపం వెలుగుతుంది. ఫోన్లో వైఫై గుర్తు నిండుగానే కనపడుతుంది, దాన్ని చూసి మోసపోకండి. ఎర్రదీపం ఉంటే ఆ రాత్రికి ఫోను కిటికీ దగ్గరే పెట్టుకోవాలి.

ఖర్చు అడుగుతారేమో. నా ప్లాన్‌లో ఉన్న కాల్స్ లెక్కలోనే పోతోంది, విడిగా ఏమీ పట్టలేదు. నెట్ కూడా నిమిషానికి ఒక ఎంబీ దాకానే. ఓటీపీలు కూడా మా నడిగదిలోకి వస్తున్నాయి. ఇదివరకు ఈకేవైసీకి ఫోను పట్టుకుని చింతచెట్టు కిందకి పరిగెత్తేవాణ్ణి. 108కి, 112కి మాత్రం దీన్ని నమ్ముకుని కూర్చోవద్దు. వీలైతే ఆరుబయటికి వచ్చి చెయ్యండి. వైఫై మీద చేస్తే మీరెక్కడున్నారో వాళ్ళకి సరిగ్గా తెలియకపోవచ్చు. ఊరు, మండలం, దగ్గర్లో గుడో బడో నోటితో చెప్పండి.

మొన్న గాలివానకి రాత్రి పదకొండింటికి కరెంటు పోయింది. చీకట్లో ఆ చిన్న పెట్టె మీద పచ్చదీపం ఒక్కటే. అమ్మ పక్క మంచం మీద పడుకుని ఉంది. ఒంటిగంటన్నరకి ఫోను మోగింది. గుండె ఆగినంత పనైంది. చూస్తే తమ్ముడు.

"ఏంట్రా, ఏమైంది?"

"ఏం లేదన్నయ్యా. మోగుద్దో లేదో చూద్దామని చేశా. పడుకో."

అమ్మ అటు తిరిగి, "ఎవర్రా?" అంది. తమ్ముడని చెప్పాను.

మన ఊరివాళ్ళు, చుట్టుపక్కలవాళ్ళు ఎవరికైనా ఆ మీట దొరక్కపోతే సాయంత్రం గెలల కాటా దగ్గరికి ఫోను పట్టుకురండి. రెండు సిమ్‌లూ చూద్దాం.